ఆరుగురు వద్దు, ముగ్గురు చాలు

ప్రశ్న: గుంటూరు అరండల్‌పేటలో మాది పద్నాలుగు మంది పనిచేసే చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ. మిర్చి కోల్డ్ స్టోరేజీలకు స్టాకు, అద్దె లెక్కల సాఫ్ట్‌వేర్ చేస్తాం. పోయిన ఏడాది ఫిబ్రవరిలో నలుగురు ఇంజినీరింగ్ పిల్లల్ని నెలకు 5,000 ఇచ్చి ఇంటర్న్‌లుగా పెట్టుకున్నాం. ఇద్దరు యూట్యూబ్ చూసి వెళ్లారు. ఒకమ్మాయి బాగా చేసింది గానీ, ఉద్యోగం ఇస్తామా లేదా అన్నది మేము తేల్చేలోపు హైదరాబాద్ వెళ్లిపోయింది. ఈసారి ఆరుగుర్ని తీసుకుని, మూడు నెలలు చూసి, ఇద్దరికి ఉద్యోగం ఇవ్వాలనుకుంటున్నాం. నిజమైన పని ఎలా ఇవ్వాలి? ఎంపిక ఎలా చేస్తే న్యాయంగా ఉంటుంది? బాండు రాయించుకోవచ్చా?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ముందు ఆ ఆరు అన్న అంకె సంగతి చూద్దాం. మిగతా చిక్కులు చాలావరకు అక్కడి నుంచే వస్తున్నాయి.

ఇంటర్న్‌కు అసలు ఖర్చు స్టైపెండ్ కాదు, మీ సీనియర్ టైము. రోజూ పొద్దున అరగంట పక్కన కూర్చోవాలి. అంటే వారానికి రెండున్నర గంటలు. రాసిన కోడ్ చదివి తప్పులు చూపించడానికి ఇంకో రెండు గంటలు. శుక్రవారం ఒక గంట, ఆ వారం ఏం జరిగిందో తీరిగ్గా మాట్లాడటానికి. మొత్తం ఐదున్నర గంటలు, ఒక్క మనిషికి. ఆరుగురికి ముప్పై మూడు గంటలు. మీ సంస్థలో ఒక సీనియర్ వారమంతా ఇంకేమీ చేయకుండా కూర్చుంటే తప్ప అది కుదరదు. కుదరదు కాబట్టే పిల్లలు యూట్యూబ్ చూస్తారు. ముగ్గురైతే పదహారున్నర గంటలు. ఇద్దరు సీనియర్లు పంచుకుంటే ఒక్కొక్కరికి వారానికి సుమారు ఒక రోజు. ఆ ఒక్క రోజు పనిని వాళ్ల మీద నుంచి ముందే తీసేయండి. 'ఉన్న పని చేసుకుంటూ పిల్లల్ని కూడా కాస్త చూడండి' అంటే ఎవరూ చూడరు.

నేనీ మాట అనుభవం మీద చెబుతున్నాను. విజయవాడలో లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులకు బుకింగ్ సాఫ్ట్‌వేర్ చేసే సంస్థ నడిపిన రోజుల్లో ఒకసారి ఎనిమిది మందిని తీసుకున్నాను. చూసే మనిషి ఒక్కడే. అతను కూడా రెండో నెలలో పెళ్లికని పదిహేను రోజులు సెలవు పెట్టాడు. చేతికి ఏదో ఒక పని ఇవ్వాలి కదా అని, మా వెబ్‌సైటును కొత్తగా రాయమన్నాను. చివరి రోజు సర్టిఫికెట్లు ఇస్తుంటే ఒక కుర్రాడు నెమ్మదిగా అడిగాడు: "సార్, మేం చేసింది ఎవరైనా వాడతారా?" వాడలేదు. ఆ ఫోల్డర్ నేను మళ్లీ తెరవలేదు కూడా.

డబ్బు లెక్క కూడా చూసుకోండి. ఆరుగురికి 5,000 చొప్పున మూడు నెలలకు 90,000. ముగ్గురికి 12,000 చొప్పున ఇస్తే 1,08,000. తేడా 18,000. హాస్టలు, మెస్సు, బస్సు ఖర్చులు ఇంటి నుంచి తెచ్చుకోనక్కర్లేకుండా ఉండాలన్నది నా ఉద్దేశం. లేకపోతే మీ దగ్గరికి ఇంట్లో జరుగుబాటు ఉన్న పిల్లలే వస్తారు, లేని పిల్లలు మొదటి గడపలోనే ఆగిపోతారు. ముగ్గురికీ ఒకే స్టైపెండ్ ఇవ్వండి. (ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ ఇస్తామని పిల్లల దగ్గరే ఫీజు కట్టించుకునే చోట్లు మన ఊళ్లలో ఎన్నో మీకు తెలియంది కాదు. మీరు ఎదురు డబ్బిస్తున్నారంటే ప్రకటన చూసి నమ్మని తల్లిదండ్రులు కూడా ఉంటారు. ఫోన్ చేసి అడిగితే విసుక్కోకండి.)

రెండోది నెల. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కోల్డ్ స్టోరేజీల్లోకి సరుకు దిగే కాలం. మీ ఆఫీసులో ఫోన్లు మోగుతూనే ఉంటాయి. 'లాట్ నంబర్ పడటం లేదు', 'రసీదు ప్రింటు రావడం లేదు' అని. ఆ మూడు నెలలూ మీ సీనియర్లకు భోజనానికే టైము ఉండదు. కాలేజీ చివరి సెమిస్టరు కూడా అప్పుడే కాబట్టి పిల్లలు దొరుకుతారు, నిజమే. కానీ నేర్పే మనిషి దొరకడు. పోయిన ఏడాది మీకు జరిగింది అదేనని నా అనుమానం. జూన్ మొదటి వారంలో మొదలుపెట్టి ఆగస్టు ఆఖరుకు ముగించండి. అప్పటికి దిగుమతి రద్దీ తగ్గి ఉంటుంది, స్టోరేజీల నుంచి సరుకు బయటికి పోతూ ఉంటుంది, గుమాస్తాలు మనుషులతో మాట్లాడే స్థితిలో ఉంటారు. పైగా వచ్చేవాళ్లు చదువు పూర్తయినవాళ్లు. సెప్టెంబరు ఒకటిన ఉద్యోగంలో చేరమంటే పరీక్షలు, హాజరు అనే అడ్డు ఉండదు. దీంతో ఒక ఇబ్బంది మాత్రం ఉంది. క్యాంపస్‌లో వేరే ఉద్యోగం వచ్చి, చేరే తేదీ కోసం ఎదురుచూస్తున్నవాళ్లు కూడా దరఖాస్తు చేస్తారు. వాళ్లను తప్పు పట్టక్కర్లేదు గానీ, చేతిలో ఆఫర్ ఉందా అని ముందే సూటిగా అడగండి. మీరు వెతుకుతున్నది ఉండిపోయే మనిషిని.

ఇక అసలు ప్రశ్న, నిజమైన పని. పని నిజమైనదో కాదో తెలుసుకోవడానికి నేను ఒకటే చూస్తాను. ఇంటర్న్ సోమవారం రాకపోతే ఫోన్ చేసి అడిగే మనిషి మీ ఆఫీసు బయట ఎవరైనా ఉన్నారా? ఉంటే అది పని. లేకపోతే కాలేజీ ప్రాజెక్టే, మీ ఆఫీసులో కూర్చుని చేస్తున్నారంతే. అలాగని మీ సాఫ్ట్‌వేర్‌లో అతి ముఖ్యమైనది చేతికివ్వకూడదు. ఉదాహరణకు బ్యాంకు లోను ఉన్న లాటును, బ్యాంకు నుంచి కాగితం రాకుండా బయటికి వదలకుండా ఆపే భాగం. అందులో తప్పు జరిగితే మీ కస్టమరు బ్యాంకు ముందు నిలబడాలి. అది సీనియర్ పనే. ఇంటర్న్‌కు ఇచ్చే పని తప్పయినా ఎవరి సరుకూ కదలకూడదు, ఒప్పయితే మాత్రం ఎవరో ఒకరు రోజూ వాడాలి.

మీ రంగంలో అలాంటిది ఒకటి నాకు తోస్తున్నది చెబుతాను. సాయంత్రానికి ఛాంబర్ దగ్గర రిజిస్టరులో రాసిన టిక్కీల, అంటే మిర్చి బస్తాల లెక్కకూ, ఆఫీసు కంప్యూటర్‌లో ఎక్కిన లెక్కకూ తేడా వస్తుంది కదా. ఏ లాటులో ఎన్ని తేడా వచ్చాయో చూపించే రోజువారీ రిపోర్టు. అది డేటాను చదువుతుంది, మార్చదు. కాబట్టి ప్రమాదం లేదు. గుమాస్తా ప్రతి సాయంత్రం అడుగుతాడు. కాబట్టి ఉత్తుత్తి పని కాదు.

పరిమాణం కూడా సరిచూసుకోవాలి. మూడు నెలలంటే పదమూడు వారాలు. మొదటి రెండు వారాలు నేర్చుకోవడానికి, చివరి రెండు అప్పగింతకు పోతాయి. మధ్యలో ఒక వారం జ్వరాలకు, పెళ్లిళ్లకు వదిలేయండి. మిగిలేది ఎనిమిది వారాలు. మీ సీనియర్ ఒకరు పదిహేను పనిదినాల్లో చేయగల పని అయితే కొత్తవారికి ఆ ఎనిమిది వారాలకు సరిపోతుంది. నెల రోజుల పని ఇస్తే పూర్తికాదు, పూర్తికాని పనిని చూసి మనిషిని అంచనా వేయలేం. ముగ్గురికీ ఇలాంటివే మూడు పనులు వేర్వేరుగా తయారు చేసుకోండి. రైతుకు అద్దె లెక్క తెలుగులో ప్రింటిచ్చేది ఒకటి కావచ్చు. అందరినీ ఒకే పని మీద పెడితే ఎవరు ఎంత చేశారో తేలదు. ఒకరికి సులువైనది, ఇంకొకరికి కష్టమైనది ఇస్తే పోలికే తప్పుతుంది. అందుకే మూడింటికీ రోజుల అంచనా ఒకే సీనియర్ చేత వేయించండి.

ఈ తేడా రిపోర్టు పని వారాల్లో ఎలా నడుస్తుందో చూద్దాం. మొదటి రోజు కంప్యూటరు, పాస్‌వర్డులు. అసలు డేటా ఇవ్వొద్దు. రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు మార్చేసిన నకలు ఇవ్వండి. మూడో రోజు పొద్దున్నే ఇంటర్న్‌ను కోల్డ్ స్టోరేజీకి పంపండి. సగం రోజు గుమాస్తా పక్కన కూర్చుని, ఆయన ఏ కాగితం మీద ఏం రాస్తున్నాడో తెలుగులోనే రాసుకురావాలి. ఐదో రోజుకల్లా ఏదో ఒక చిన్న సవరణ, ప్రింటులో ఒక అక్షరదోషమైనా సరే, చేయించి, సీనియర్ చూశాక కస్టమరు దాకా పంపించండి. తను తాకినది ఒకటి బయట నడుస్తోందని తెలిస్తే మనిషి కూర్చునే తీరే మారుతుంది. రెండో వారం ఆఖరుకు, చేయబోయేది ఏమిటో ఒక పేజీలో రాసివ్వాలి. ఆ పేజీ చదివాక గుమాస్తాకు అర్థం కాకపోతే కోడ్ మొదలుపెట్టనివ్వకండి.

నాలుగో వారానికి ఒక్క ఛాంబర్‌కు పనిచేసే మొదటి రూపం వస్తుంది. ఆరో వారంలో దాన్ని తీసుకెళ్లి గుమాస్తాకు చూపించాలి. అక్కడ తప్పకుండా ఒక కొత్త సంగతి బయటపడుతుంది. చిరిగిన టిక్కీలోని సరుకును పక్క టిక్కీల్లో సర్దేశారనుకోండి, సరుకు బయటికి పోకపోయినా లెక్కలో ఒకటి తగ్గుతుంది. రిపోర్టు దాన్ని రోజూ తేడాగానే చూపిస్తూ ఉంటుంది. గుమాస్తా రెండు రోజులు చూసి మూడో రోజు నుంచి ఆ రిపోర్టు తెరవడం మానేస్తాడు. ఇది ఇంటర్న్ తప్పు కాదు. తెలిశాక ఏం చేశాడన్నదే మీరు చూడాల్సింది. గుమాస్తాను అడిగి 'సర్దిన టిక్కీలు' అని ఒక కాలమ్ పెట్టించాడా, లేక "వాళ్లు సరిగ్గా ఎంట్రీ చేయడం లేదు సార్" అని వచ్చి కూర్చున్నాడా?

పని దారి తప్పుతోందని ఎలా తెలుస్తుందంటే, పొద్దున అరగంటలో వినిపించే మాటను బట్టి. "చూస్తున్నాను సార్" అన్న మాట వరుసగా రెండు రోజులు వచ్చిందంటే మూడో రోజు మీ సీనియర్ కుర్చీ పక్కకు లాక్కుని కూర్చోవాలి. మా దగ్గర ఒక నియమం ఉండేది: ముప్పావు గంట ఒకేచోట ఆగిపోతే లేచి అడగాల్సిందే. మన పిల్లలు అడగరు. అడిగితే రాదనుకుంటారని భయం. అందుకని ఆ నియమాన్ని మొదటి రోజే నోటితో చెప్పి, రెండో రోజు మీ సీనియరే వెళ్లి ఇంకొకరిని ఏదైనా అడిగి చూపించాలి.

ఎంపికకు వద్దాం. న్యాయం అనేది చివరి వారంలో మొదలయ్యేది కాదు, ప్రకటనలోనే రాసుండాలి. ఖాళీలు రెండు. జీతం ఇంత. నిర్ణయం చెప్పే తేదీ ఆగస్టు 14. ఇవి మూడూ ముందే రాయండి. జీతం దాచిపెట్టి 'పనిని బట్టి చూద్దాం' అంటే మంచివాళ్లు వేరే చోటు చూసుకుంటారు. పోయిన ఏడాది ఆ అమ్మాయి చేసింది అదే, నేనైనా అదే చేస్తాను.

లోపలికి తీసుకునేటప్పుడు ఆప్టిట్యూడ్ పరీక్ష కన్నా మీ పనిలోంచి ఒక ముక్క ఇవ్వడం మేలు. దరఖాస్తుదారులందరినీ ఆఫీసుకు పిలిచి, అరవై వరుసల స్లిప్పుల ఫైలు ఒకటి ఇవ్వండి. అందులో మూడు తప్పులు దాచండి. గంటన్నరలో పట్టుకుని, ఎలా పట్టుకున్నారో పది వరుసల్లో రాయమనండి, తెలుగైనా ఇంగ్లిష్ అయినా సరే. కాగితాల మీద పేరూ కాలేజీ కాకుండా నంబరు మాత్రమే ఉండాలి. దిద్దినవాళ్లకు ఆ నంబరు ఎవరిదో తెలియకూడదు. ఇది అవతలివాళ్ల కోసమే కాదు, మీ కోసం కూడా. గుంటూరులో వ్యాపారం చేస్తున్నారు కాబట్టి మీ కస్టమరు ఒకరు ఫోన్ చేసి "మా బావమరిది కొడుకున్నాడండీ" అనకుండా ఉండడు. 'తప్పకుండా పంపండి, పరీక్ష ఫలానా రోజు' అని చెప్పడానికి మీకొక దారి ఉంటుంది. అబ్బాయికి నంబరు వస్తుంది, మీకు మొహమాటం తప్పుతుంది.

లోపలికి వచ్చాక నాలుగు విషయాలే చూడండి. ఇచ్చిన పని గుమాస్తా వాడే స్థితికి వచ్చిందా. ఆగిపోయినప్పుడు ఎంతసేపట్లో అడుగుతున్నారు. ఒకసారి చూపించిన తప్పు మళ్లీ చేస్తున్నారా. రాసిపెట్టిన నోట్స్ చూసి ఇంకొకరు ఆ పని నడపగలరా. ఒక్కోదానికి ఒకటి నుంచి నాలుగు మార్కులు. మొత్తం పదహారులో పన్నెండు రావాలి, దేనిలోనూ ఒకటి రాకూడదు. మార్కు పక్కన తేదీతో ఒక ఆధారం లేకపోతే ఆ మార్కు చెల్లదు. అంటే 'శ్రద్ధ తక్కువ' అని రాయడానికి వీల్లేదు. 'జూలై 9: 03/06ను మార్చి 6గా చదివింది, జూన్ 3గా చదవాలి, రివ్యూలో చెప్పాను. జూలై 17: ఇంకో స్క్రీన్‌లో మళ్లీ అదే తప్పు' అని రాయాలి. ఇద్దరు సీనియర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోకముందే విడివిడిగా మార్కులు వేయాలి. మొదటి అంశానికి గుమాస్తా మాట కూడా తీసుకోండి. ఇంగ్లిష్ ధాటిగా మాట్లాడటం, రాత్రి ఎనిమిది దాకా కూర్చోవడం, సీనియర్ ఊరివాడు కావడం ఈ కాగితం మీద ఎక్కడా పట్టవు. అందుకే ఆ కాగితం. ఆ నాలుగు అంశాలూ మొదటి రోజే పిల్లల చేతికి ఇవ్వండి, దాచడానికి అందులో ఏమీ లేదు.

సగం దారిలో, జూలై 15 ప్రాంతంలో, ఒక్కొక్కరితో విడిగా కూర్చుని ఆ రోజుకు వచ్చిన మార్కులు చూపించండి. 'ఇలాగే సాగితే ఉద్యోగం వస్తుంది', 'ఇది మారితే వస్తుంది', 'ఇలాగైతే రాదు', ఈ మూడింట్లో ఒక మాట స్పష్టంగా చెప్పి, అదే రాసివ్వండి. ఇది చేయడానికి మనకు మొహమాటం. నవ్వుతూ 'బాగానే చేస్తున్నావమ్మా' అనేస్తాం. మా దగ్గర ఒక అమ్మాయి సరిగ్గా ఇక్కడే నిలబడింది. తేదీల తిప్పలతో మూడు రోజులు ఎవరినీ అడగకుండా కూర్చుంది. అడగడం దగ్గర ఒకటే మార్కు. పక్కనే ఒక కుర్రాడు రెండు వారాల పని వారంలో చేసేవాడు, అందరికీ వాడంటే ముచ్చట. మధ్యలో కాగితం తీసి చూస్తే, ఆ అబ్బాయికి రివ్యూలో చెప్పిన తప్పులు మూడు సార్లు తిరిగొచ్చాయి. ఆ రోజు ఇద్దరికీ ఉన్నమాట చెప్పాం. అమ్మాయి మర్నాటి నుంచి చిన్న పుస్తకంలో ఆగిపోయిన టైము రాసుకుని, ముప్పావు గంటకు లేచి వచ్చేది. ఆగస్టుకు ఆ ఒకటి మూడయింది. అబ్బాయి 'నేను ఫాస్ట్ కదా సార్' అన్నాడు, ఆ మార్కు కదల్లేదు. ఉద్యోగం ఆ అమ్మాయికి వచ్చింది. కాగితం లేకపోతే మేమందరం ఆ అబ్బాయినే తీసుకునేవాళ్లం.

ముగ్గురూ పన్నెండు దాటితే? రెండు ఖాళీలని ముందే చెప్పారు కాబట్టి మార్కుల వరుసలో ఇద్దరు. మూడో మనిషికి ఆరు నెలల్లో ఖాళీ వస్తే మళ్లీ పరీక్ష లేకుండా మొదటి పిలుపు మీదేనని కాగితం ఇవ్వండి. ఎవరూ దాటకపోతే రెండు ఖాళీలూ అలాగే ఉంచండి. కస్టమరు తొందరపెడుతున్నాడని తక్కువ మార్కుకు తీసుకున్నారంటే వచ్చే ఏడాది మీ గీతను ఎవరూ నమ్మరు. ఆగస్టు 14న అందరికీ ఒకే రోజు చెప్పండి. రానివాళ్లకు ముఖాముఖి కారణం చెప్పి, ఏ పని చేశారో వివరంగా రాసిన లేఖ ఇచ్చి, మిగిలిన రెండు వారాలూ జీతంతోనే ఇంటర్వ్యూలకు వెళ్లే వీలు కల్పించండి. వచ్చినవాళ్లకు మళ్లీ ఆరు నెలల ప్రొబేషన్ పెట్టకండి. మూడు నెలలు చూశారు కదా, ఇంకో మూడు చాలు.

బాండు సంగతి. నేనైతే రాయించుకోను, ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోవడమైతే అసలే వద్దు. బాండు కాగితం చూడగానే వేరే దారి ఉన్నవాళ్లు లేచిపోతారు, లేనివాళ్లే సంతకం పెడతారు. అంటే మీరు ఎవరిని ఆపాలనుకున్నారో వాళ్లే ముందు పోతారు. ప్రకటనలో 'అప్రెంటిస్' అన్న మాట కూడా వాడకండి. 1961 అప్రెంటిస్ చట్టం కింద ఒప్పందం రిజిస్టరు చేసే పద్ధతి వేరు, ఇది వేరు. ఇంకొకటి, మీది పది మందికి మించిన సంస్థ కాబట్టి పని స్థలంలో లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండాలి. ఆ చట్టం శిక్షణలో ఉన్నవాళ్లను కూడా ఉద్యోగులుగానే లెక్కిస్తుంది. ఇంటర్న్‌లకు కమిటీ సభ్యుల పేర్లు మొదటి రోజే ఇవ్వండి.

ప్రకటన రాయడానికి ఇప్పుడే తొందరపడకండి. ముందు ఆ గుమాస్తా దగ్గరికి వెళ్లండి. మే నెలలో మిర్చి యార్డుకు సెలవులిచ్చినప్పుడు ఆయన కాస్త తీరిగ్గా దొరుకుతాడు. జూన్‌లో ఒక సగం రోజు, జూలైలో రెండు సాయంత్రాలు మా పిల్లతోనో పిల్లవాడితోనో కూర్చుంటారా అని అడగండి. ఆయన ఒప్పుకోకపోతే ఆ పని పక్కన పెట్టి, ఒప్పుకునే కోల్డ్ స్టోరేజీని వెతకండి. అలాంటి మనుషులు ముగ్గురు దొరికాకే ప్రకటనలో ముగ్గురు అని రాయండి. ఇద్దరే దొరికితే ఇద్దరనే రాయండి.